ఒక్కొక్కరి చేతిలో ఎన్ని పనులు తెరిచి ఉన్నాయి?

సాఫ్ట్‌వేర్ టీమ్‌లో డెలివరీ వెనకబడగానే మేనేజర్ మొదట వెతికేది ఖాళీగా ఎవరున్నారా అని. తీరా చూస్తే ఎవరూ ఖాళీగా ఉండరు. అందరూ రాత్రి ఎనిమిది దాకా కూర్చుంటున్నా, నెలాఖరుకు క్లయింట్ చేతికి వెళ్లిన పనులు నాలుగో ఐదో ఉంటాయి. అక్కడ వెతకాల్సిన లెక్క వేరే ఉంది. ఒక్కో మనిషి మొదలుపెట్టి ఇంకా ముగించని పనులు ఎన్ని? పనులను టికెట్లుగా రాసుకునే జీరా సాఫ్ట్‌వేర్ బోర్డు మీద ఒకే పేరు ఆరు టికెట్లకు కనిపిస్తుంటే, ఆలస్యానికి కారణం చాలా వరకు అక్కడే దొరుకుతుంది.

పని దశలను బోర్డు మీద కాలమ్‌లుగా చూపే కాన్‌బాన్ పద్ధతిలో నడిచే టీమ్‌లు దీన్ని ఒక నియమంగా పెట్టుకుంటాయి. ఒక దశలోనో, ఒక మనిషి పేరు మీదో ఒకేసారి ఇన్నికి మించి పనులు తెరిచి ఉండకూడదని. దీన్నే విప్ లిమిట్ అంటారు, అంటే చేతిలో ఉన్న పనికి హద్దు. చెప్పడానికి తేలికగా ఉన్న ఈ నియమం అమలులో చాలాచోట్ల తప్పిపోతుంది. ఎందుకు తప్పుతుందో తెలియాలంటే, అసలు అది ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

ఒక డెవలపర్‌కు మూడు పనులు ఇచ్చారనుకుందాం. ఒక్కోదానికి నాలుగు రోజుల శ్రమ. ఒకటి ముగించి ఇంకోటి మొదలుపెడితే మొదటిది నాలుగో రోజు, రెండోది ఎనిమిదో రోజు, మూడోది పన్నెండో రోజు పూర్తవుతాయి. సగటున ఎనిమిది రోజులు. అదే మనిషి ఆ పనులు అడిగిన ముగ్గురినీ సంతోషపెట్టాలని రోజుకో పని చొప్పున వంతులవారీగా చేస్తే, మొదటిది పదో రోజు, రెండోది పదకొండో రోజు, మూడోది పన్నెండో రోజు పూర్తవుతాయి. సగటు పదకొండు రోజులు. శ్రమలో ఒక్క గంట కూడా తేడా లేదు, పన్నెండో రోజుకు రెండు పద్ధతుల్లోనూ మూడు పనులూ అయిపోయాయి. కానీ మొదటి పని అడిగినవాళ్లు నాలుగు రోజులకు బదులు పది రోజులు ఎదురుచూశారు, రెండో పని అడిగినవాళ్లు మూడు రోజులు ఎక్కువ చూశారు, మూడో వాళ్లకు కొత్తగా కలిసొచ్చింది ఏమీ లేదు. అందరి పనీ ఒకేసారి మొదలుపెట్టడం వల్ల ఎవరికీ లాభం కలగలేదు.

పైగా ఈ లెక్కలో ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికి పట్టే సమయాన్ని సున్నా అనుకున్నాం. నిజంలో అది సున్నా కాదు. నిన్న ఆపిన చోట ఏ ఫంక్షన్ మారుస్తున్నాం, ఏ టెస్ట్ ఫెయిలైంది, ఎందుకు ఫెయిలైంది అన్నవి మళ్లీ తలకెక్కించుకోవాలి. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ప్రయోగాలు చేసి చూపించింది ఇదే. చేతిలోని పనిని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే, మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని నాణ్యత తగ్గుతుంది. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఒక్కో అదనపు ప్రాజెక్టుకు ఇరవై శాతం సమయం పోతుందని చూపే పట్టిక ఒకటి ట్రైనింగ్ స్లైడ్లలో తరచూ కనిపిస్తుంది. అది జెరాల్డ్ వైన్‌బర్గ్ తన అనుభవం మీద వేసిన అంచనా, ఎవరూ కొలిచి తేల్చిన సంఖ్య కాదు. మారడానికి ఖర్చుందన్నది నిజం, అంతవరకే నమ్మండి. మీ టీమ్‌కు అది ఎంతో ఆ పట్టిక చెప్పలేదు.

ఇది ల్యాబ్‌కే పరిమితమైన సంగతి కాదని చూపిన మంచి ఉదాహరణ ఇటలీలోని మిలాన్ కార్మిక న్యాయస్థానం. అక్కడ కేసులను జడ్జిలకు యాదృచ్ఛికంగా పంచుతారు కాబట్టి ఒకరికి సులువైనవి, ఇంకొకరికి కష్టమైనవి వచ్చాయనడానికి వీల్లేదు. కోవియెల్లో, ఇకినో, పెర్సికో అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ జడ్జిల రికార్డులు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒకేసారి ఎక్కువ కేసులు తెరిచి నడిపిన జడ్జిల దగ్గర ఒక్కో కేసు తేలడానికి ఎక్కువ కాలం పట్టింది. కొత్త కేసు తెరిచిన ప్రతిసారీ అంతకుముందే నడుస్తున్న వాటి వాయిదాల మధ్య దూరం పెరుగుతుంది. వాయిదాల సంగతి మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే వాయిదాలు పెరగడానికి కేసుల మొత్తం సంఖ్యతో పాటు ఒక్కో బల్ల మీద ఒకేసారి తెరిచి ఉన్న ఫైళ్ల సంఖ్య కూడా కారణమని ఆ అధ్యయనం స్పష్టంగా చూపించింది.

సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆలోచన మొదటగా నిలదొక్కుకున్న చోట్లలో ఒకటి మన హైదరాబాద్ కావడం విశేషం. 2004లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగం అప్లికేషన్లను నిర్వహించే ఒక చిన్న టీమ్ ఇక్కడ ఉండేది. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు, అమెరికాలో ఉన్న మేనేజర్ డ్రాగోస్ డుమిత్రియు. ఎవరైనా ఒక మార్పు అడిగితే చేతికి రావడానికి ఐదు నెలలు పట్టేది. సాఫ్ట్‌వేర్‌లో కాన్‌బాన్ పద్ధతికి రూపమిచ్చిన డేవిడ్ ఆండర్సన్ సలహాతో డుమిత్రియు ఆ పని నడిచే తీరు పరిశీలిస్తే, కోడ్ రాయడం కన్నా ముందే చాలా సమయం పోతున్నట్టు తేలింది. వచ్చిన ప్రతి కోరికకూ ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేసి పంపాలి, దానికోసం డెవలపరూ టెస్టరూ చేతిలో పని ఆపి కూర్చోవాలి. అలా అంచనా వేసినవాటిలో చాలావాటిని చివరికి ఎవరూ చేయమనలేదు కూడా. ఆ అంచనాలు ఆపేశారు, చేతిలో ఉండే పనులకు హద్దు పెట్టారు, చోటు ఖాళీ అయినప్పుడే క్యూలోంచి తర్వాతది తీసుకునే ఏర్పాటు చేశారు. తొమ్మిది నెలల్లో ఐదు నెలల నిరీక్షణ వారాల లెక్కకు దిగింది. చాలాకాలం వరకు కొత్తగా మనుషుల్ని తీసుకోలేదు, ఎవరినీ ఇంకా గట్టిగా పనిచేయమనలేదు.

ఇంత స్పష్టంగా ఫలితం ఉంటే, బోర్డు మీద హద్దులు పెట్టుకున్న టీమ్‌లలో కూడా ఎందుకు పని ఆగిపోతోంది? ఎక్కువసార్లు కారణం ఒక్కటే. జీరా బోర్డులో హద్దు పెట్టేది కాలమ్‌కు, మనిషికి కాదు. "డెవలప్‌మెంట్‌లో పదికి మించకూడదు" అని పెట్టవచ్చు. ఆ పదిలో ఐదు ఒకే మనిషి పేరు మీద ఉన్నా బోర్డు ఎర్రబడదు.

ఆరుగురి ఊహా టీమ్ ఒకటి తీసుకుని చూద్దాం. నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, బిల్లింగ్ అప్లికేషన్ పని. డెవలప్‌మెంట్ కాలమ్‌కు హద్దు పది, రివ్యూకు ఐదు, టెస్టింగ్‌కు నాలుగు. ఒక బుధవారం చూస్తే డెవలప్‌మెంట్‌లో పది, రివ్యూలో ఐదు, టెస్టింగ్‌లో మూడు ఉన్నాయి. ఏ హద్దూ దాటలేదు, మేనేజర్‌కు బోర్డు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఇప్పుడు అదే పద్దెనిమిదింటిని పేర్లవారీగా విడదీయండి. సీనియర్ డెవలపర్ పేరు మీద ఏడు, మిగతా ముగ్గురు డెవలపర్ల మీద మూడు, మూడు, రెండు, టెస్టర్ల మీద రెండు, ఒకటి. టీమ్ సగటు మూడే. కానీ ఒకరు మునిగిపోయారు, ఒక టెస్టర్ దాదాపు ఖాళీగా ఉన్నారు.

ఆ సీనియర్ వారానికి సగటున రెండు పనులు ముగించగలరనుకుంటే, ఏడు తెరిచి ఉన్నప్పుడు ఒక్కో పని ఆయన దగ్గర సగటున మూడున్నర వారాలు ఉంటుంది. మూడే తెరిచి ఉంటే వారంన్నర. చేతిలో ఉన్న సంఖ్యను వేగంతో భాగిస్తే నిరీక్షణ కాలం వస్తుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రమిది. వచ్చే పని, పూర్తయ్యే పని దాదాపు సమానంగా ఉన్న రోజుల్లో సగటులకు ఇది వర్తిస్తుంది. రిలీజ్ ముందు వారం లాంటి అసాధారణ రోజుల్లో దీనితో జోస్యం చెప్పబోతే తప్పుతుంది.

పేర్లవారీ లెక్క తీయడం పెద్ద పని కాదు. జీరాలో ఇలాంటి ఫిల్టర్ ఒకటి సేవ్ చేసుకుంటే చాలు:

```
project = BILL AND statusCategory = "In Progress"
AND issuetype not in subTaskIssueTypes()
AND issuetype != Epic
ORDER BY assignee ASC, created ASC
```

ఈ ఫిల్టర్ లెక్కపెట్టదు, జాబితా మాత్రమే ఇస్తుంది. డ్యాష్‌బోర్డులో `Two Dimensional Filter Statistics` అనే గ్యాడ్జెట్‌కు దీన్ని ఇచ్చి, ఒకవైపు `Assignee`, ఇంకోవైపు `Status` పెడితే ఎవరి చేతిలో ఏ దశలో ఎన్ని ఉన్నాయో పట్టికగా వస్తుంది. సబ్‌టాస్కులను ఎందుకు తీసేశామంటే, ఒక స్టోరీని నాలుగు సబ్‌టాస్కులుగా విడగొట్టిన మనిషికి ఊరికే ఐదు పనులున్నట్టు చూపిస్తుంది. మీ టీమ్‌లో ఒకే స్టోరీని ముగ్గురు పంచుకుంటారంటే మాత్రం దీన్ని తిరగేసి, సబ్‌టాస్కులనే లెక్కపెట్టాలి. రెండూ కలిపి లెక్కపెట్టడమే తప్పు.

ఇంకో చోట జాగ్రత్తగా చూడాలి. జీరాలో ప్రతి స్టేటస్‌ను మూడు వర్గాల్లో ఒకదానిలో పెడతారు. చాలా కంపెనీల్లో "ఆన్ హోల్డ్" అనే స్టేటస్‌ను ఇంకా మొదలుపెట్టని పనుల వర్గంలో పెట్టేస్తారు. అప్పుడు సగం కోడ్ రాసి ఆపిన పని కూడా ఈ లెక్కలోంచి మాయమవుతుంది. ఫిల్టర్ రాసే ముందు అడ్మిన్‌ను అడిగి ఆ వర్గీకరణ సరిచూసుకోకపోతే అంకెలు అందంగా ఉంటాయి, పని మాత్రం కదలదు.

సంఖ్య వచ్చాక చేయాల్సిన అసలు పని, సీనియర్ పేరు మీదున్న ఆ ఏడూ ఎందుకు తెరిచి ఉన్నాయో ఒక్కోటీ అడగడం. దీన్ని రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో అందరి ముందు అడగకండి. పక్కన కూర్చుని, అతని స్క్రీన్ చూస్తూ అడగండి. మన ఊహా సీనియర్ దగ్గర జవాబులు ఇలా ఉంటాయి. ఒకటి ఈరోజు నిజంగా రాస్తున్న కోడ్. రెండు రివ్యూ కోసం ఎదురుచూస్తున్నాయి. ఇంకోటి క్లయింట్ జవాబు కోసం ఆగింది. అడిగింది సోమవారం సాయంత్రం, క్లయింట్ ఉన్న దేశంలో అప్పుడే తెల్లవారింది, జవాబు మంగళవారం రాత్రి వచ్చింది కానీ సగమే వచ్చింది. ఒకటి టెస్ట్ డేటా కోసం ఆగింది. ఒకటి నిన్న ప్రొడక్షన్‌లో వచ్చిన బగ్, అర్జెంటు. చివరిది పాత ఇన్వాయిస్ మాడ్యూల్ శుభ్రం చేసే పని, మూడు వారాలుగా ఎవరూ ముట్టలేదు.

ఏడు పనుల్లో అతని చేతులు నిజంగా ఆడుతున్నవి రెండే. మిగిలిన ఐదూ ఇంకెవరికోసమో ఆగి ఉన్నాయి, లేదా వదిలేసినవి. చాలామంది ఇక్కడ "ఆగినవాటిని లెక్కలోంచి తీసేద్దాం, మన తప్పు కాదుగా" అంటారు. నా దృష్టిలో ఈ పద్ధతిని చంపేసే నిర్ణయం అదే. ఒక పని ఆగినప్పుడు కొత్తది మొదలుపెట్టే స్వేచ్ఛ ఉంటే, ఆగడానికి కారణమైన చోటును ఎవరూ సరిచేయరు. ఆగినదాన్ని కూడా లెక్కలో ఉంచితే ఆ మనిషికి కొత్త పని తీసుకునే దారి ఉండదు. అప్పుడతను లేచి వెళ్లి టెస్ట్ డేటా ఎవరిస్తారో కనుక్కుంటాడు, రివ్యూ చేయమని పక్కవాళ్లను అడుగుతాడు. హద్దు ఇచ్చే ప్రయోజనంలో పెద్ద వాటా ఇదే. క్లయింట్ జవాబు లాంటి బయటి ఆధారాలకు మాత్రం, ఎవరిని ఎప్పుడు అడిగామో, మళ్లీ ఎప్పుడు అడుగుతామో టికెట్‌లో రాసి, దాన్ని ఇంకా మొదలుకాని పనుల్లోకి వెనక్కి పంపవచ్చు. మూడు వారాలు ముట్టని పనినీ నిజాయితీగా అక్కడికే పంపేయాలి. ఆ తేదీ రాయకుండా పంపితే అది దాచడమే.

ఇలా చేస్తే సీనియర్ చేతిలో రాస్తున్న కోడ్, ప్రొడక్షన్ బగ్, రివ్యూలో రెండు, టెస్ట్ డేటా కోసం ఆగినది కలిపి ఐదు మిగులుతాయి. టెస్ట్ డేటా సిద్ధం చేయడం ఆ ఖాళీగా ఉన్న టెస్టర్ తీసుకోవచ్చు. రివ్యూలో ఉన్న రెండూ ఎందుకు కదలడం లేదో చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. మిగతా డెవలపర్లు రాసిన కోడ్ అంతా ఆ సీనియరే రివ్యూ చేయాలి, సీనియర్ కోడ్ రివ్యూ చేయడానికి జూనియర్లు వెనకాడతారు. రివ్యూ అడిగినవి అతని పేరు మీద టికెట్‌గా కనిపించవు కాబట్టి, ఏడు అన్న సంఖ్య కూడా తక్కువ లెక్కే. గిట్‌హబ్ వాడే టీమ్‌లో దీన్ని ఇలా వెతకవచ్చు, చివర ఆ మనిషి యూజర్‌నేమ్ పెట్టి:

```
is:open is:pr review-requested:username
```

ఇందులో మూడు వస్తే అతని చేతిలో అసలున్నవి ఏడు కాదు, పది. ఇలాంటి చోట అతని హద్దు తగ్గించినంత మాత్రాన లాభం లేదు. రివ్యూ చేయగలవాళ్లు ఇంకో ఇద్దరు తయారవ్వాలి, లేదా మధ్యాహ్నం భోజనం అయ్యాక మొదటి గంట అందరూ కొత్త కోడ్ రాయకుండా రివ్యూలే చేయాలని ఒప్పుకోవాలి. పేర్లవారీ లెక్క బయటపెట్టేది తరచూ మనిషి అలవాటును కాదు, టీమ్ అంతా ఒకే మనిషి మీద ఆనుకుని ఉన్న సంగతిని.

హద్దు ఎంత పెట్టాలి? ఒకటి అనడం వినడానికి బాగుంటుంది. కానీ రాసిన కోడ్‌ను దానంతటదే పరీక్షించే సీఐ బిల్డ్ నలభై నిమిషాలు నడిచే చోట మనిషి ఆ నలభై నిమిషాలూ ఊరికే కూర్చోలేడు, ఎవరికీ చెప్పకుండా ఇంకోటి మొదలుపెడతాడు. అందుకే ఎక్కువ టీమ్‌లకు రెండు సరిపోతుంది. ఒకటి రాస్తున్నది, ఒకటి రివ్యూలోనో టెస్టింగ్‌లోనో ఉన్నది. ఏడు మీద ఉన్న మనిషిని సోమవారం నుంచి రెండుకు తెమ్మంటే మాత్రం జరగదు. కొత్తవి ఆపి, ఉన్నవి ముగిసేకొద్దీ ఏడు నుంచి ఐదు, ఐదు నుంచి మూడు అని దిగనివ్వాలి. ప్రొడక్షన్ బగ్గులకు విడిగా ఒక్క చోటు ఉంచండి, టీమ్ మొత్తానికి ఒకటి, మనిషికి ఒకటి కాదు. లేకపోతే నెలలోపే ప్రతి పనీ అర్జెంటు అవుతుంది.

పద్ధతి చెడిపోతోందని కొన్ని గుర్తులు ముందే చెబుతాయి. ఒకే సైజు పనులు చేసే టీమ్‌లో టికెట్లు ఉన్నట్టుండి పెద్దవవడం మొదలైతే, మూడు పనులను ఒకే టికెట్‌లో కుక్కుతున్నారని అర్థం. ఎవరి పేరూ లేని టికెట్లు డెవలప్‌మెంట్ కాలమ్‌లో కనిపిస్తే, లెక్కకు అందకుండా పేరు తీసేశారన్నమాట. శుక్రవారం సాయంత్రం అందరి సంఖ్యా రెండుకు పడి, సోమవారం పొద్దున మళ్లీ ఐదుకు లేస్తే, రిపోర్ట్ కోసం కార్డులు జరుపుతున్నారు. ఇవి మనుషుల మోసపు బుద్ధి వల్ల వచ్చేవి కాదు. ఈ సంఖ్యను అప్రైజల్‌లో ఎక్కడో వాడారన్న భయం వల్ల వస్తాయి. ఒక్కసారి ఈ పట్టిక రేటింగ్ మీటింగ్‌లో కనబడిందంటే, ఆ తర్వాత దానిలో నిజం ఉండదు. కాబట్టి ఈ పట్టిక టీమ్ దాటి బయటికి పోకూడదని మొదటిరోజే ఒప్పందం చేసుకోవాలి, పైవాళ్లు అడిగినా టీమ్ మొత్తం సంఖ్యే ఇవ్వాలి.

సపోర్ట్ డెస్క్‌లో కూర్చునేవాళ్లకు, రోజుకు ముప్పై చిన్న టికెట్లు పది నిమిషాల చొప్పున ముగించేవాళ్లకు ఈ హద్దు పెద్దగా ఉపయోగపడదు. అక్కడ పని ఎక్కువగా అవతలివాళ్ల జవాబు కోసమే ఆగుతుంది, తెరిచి ఉన్న పని మనిషి ధ్యాసను చెదరగొట్టేంత లోతైనది కాదు. ఈ హద్దు నిజంగా పనిచేసేది రోజుల తరబడి తలలో పట్టి ఉంచాల్సిన పనులకు.

కొన్ని వారాలు నడిచాక సంఖ్య తగ్గిందా అని మాత్రమే చూస్తే సరిపోదు, అది తేలికగా మోసపుచ్చుతుంది. పాతబడిన పనులను చూడండి:

```
project = BILL AND statusCategory = "In Progress"
AND issuetype not in subTaskIssueTypes()
AND issuetype != Epic
AND NOT status CHANGED AFTER -10d
```

పది రోజులుగా స్టేటస్ మారని పనులు ఇందులో వస్తాయి. చేతిలోని సంఖ్య ఏడు నుంచి మూడుకు దిగి, ఈ జాబితా కూడా చిన్నదవుతుంటే పని నిజంగా కదులుతోంది. సంఖ్య దిగినా ఈ జాబితాలో అవే టికెట్లు వారం వారం కనిపిస్తుంటే, మనిషి చేతిలో ఇంకా ఏదో బోర్డు మీద లేని పని ఉంది. మీటింగ్‌లు, పక్క టీమ్‌కు చేస్తున్న సాయం, క్లయింట్ మేనేజర్ నేరుగా చాట్‌లో అడిగిన "చిన్న" రిపోర్టు, ఇలాంటివి. అప్పుడు అడగాల్సింది ఈ వారంలో నీ టైమ్ ఎక్కడెక్కడికి పోయిందని. ఆ జవాబులో వచ్చే ప్రతి పనికీ ఒక టికెట్ తెరిచి, ఆ హద్దులోనే లెక్కపెట్టాలి.